గద్వాల్ చీరని ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు టైటిల్, వివరాలు ఎలా రాయాలో

బిడ్డా,

నువ్వు పంపిన లింక్ చూశాను, ఫోటోలు బాగున్నాయి, ఎండ నేరుగా పడకుండా వెలుతురులో తీశావు కాబట్టి రంగు సరిగ్గా వచ్చింది. కానీ కింద "ప్యూర్ గద్వాల్ సిల్క్ శారీ, రాయల్ లుక్, పెళ్లిళ్లకు బెస్ట్" అని రాశావు చూడు, అది ఈరోజే మార్చు. ఆ చీర మీ నాన్న మగ్గం మీదదే, నాకు తెలుసు, దాని బాడీ కాటన్, అంచూ పల్లూ మాత్రమే పట్టు. ప్యూర్ సిల్క్ అని నమ్మి కొన్నావిడ బాడీని చేత్తో పట్టుకోగానే మోసం అనుకుంటుంది, చీర ఎంత బాగున్నా వెనక్కి పంపేస్తుంది.

గద్వాల్ పేరు మీద మూడు రకాలు అమ్ముడుపోతున్నాయి కదా. కాటన్ బాడీకి పట్టు అంచు ఒకటి, బాడీలోనే పట్టూ కాటనూ కలిపి నేసే సికో రెండోది, మొత్తం పట్టు మూడోది. మూడూ చేనేతే, మూడింటికీ ధర వేరు, కట్టుకుంటే పడే తీరు వేరు. కొనేవాళ్లకి ఫోటోలో ఈ తేడా కనపడదు, అందుకే టైటిల్ మొదట్లోనే చెప్పేయాలి. ఫోన్‌లో లిస్ట్ చూసేటప్పుడు టైటిల్ మొదటి నాలుగైదు మాటలే కనపడి మిగతాది కట్ అయిపోతుంది, ఆ నాలుగు మాటల్ని రాయల్, బెస్ట్, ఎక్స్‌క్లూజివ్ లాంటివాటికి ఖర్చు పెట్టకు. ఎవరూ రాయల్ అని వెతకరు, ఊరి పేరు, బట్ట, రంగు ఇవే కొడతారు. నీ చీరకి నేనైతే ఇలా రాస్తాను:

గద్వాల్ చేనేత చీర, కాటన్ బాడీ, పట్టు అంచు, మస్టర్డ్–మెరూన్, జరీ బుటా, బ్లౌజ్‌తో

ఇంతే చాలు. కోటకొమ్మ అంచు అని కూడా టైటిల్లో పెట్టాలనిపిస్తుంది నీకు, అది కింద వివరాల్లో పెట్టు, చాలామంది దాన్ని టెంపుల్ బోర్డర్ అనే వెతుకుతారు కాబట్టి రెండు పేర్లూ రాయి.

ఇక వివరాలు. చీరని భాగాలుగా విడగొట్టి రాయి, బాడీ, అంచు, పల్లూ, జరీ, బ్లౌజ్, ఒక్కోదానికి ఒక్కో వాక్యం. బాడీ గురించి రాసేటప్పుడు పడుగు ఏంటి పేక ఏంటి అని రెండూ చెప్పాలి. పడుగు ఒక రంగు పేక ఇంకో రంగు అయితే ఆ సంగతి తప్పకుండా రాయి, చీర కదిలినప్పుడల్లా షేడ్ మారుతుంది కదా, ఫోటోలో ఒక రంగు చేతికొచ్చాక ఇంకో రంగు అని గొడవ వచ్చేది అక్కడే. నీ మస్టర్డ్ చీరకి రెండూ ఒకటే రంగు కాబట్టి ఇబ్బంది లేదు.

పట్టు అని రాసే ముందు అది పట్టేనా అని చూసుకో. ఇంట్లో కొన్న నూలు బిల్లు ఉంటుంది, దాని మీద ఏముందో చూడు. అనుమానం ఉంటే కుచ్చుల వైపు మిగిలిన పోగుల్లోంచి రెండు మూడు తీసి కాల్చి చూడు. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. కాటన్ కాగితం కాలినట్టు కాలుతుంది. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే అది పాలిస్టర్, ఆర్ట్ సిల్క్ పేరుతో వచ్చే నూలు కొంత ఇలాంటిదే ఉంటుంది, అప్పుడు పట్టు అనే మాట రాయనేకూడదు.

జరీ దగ్గర కూడా అంతే. బంగారు జరీ అని ఊరికే రాయకు. అసలు జరీలో వెండి తీగ ఉండి దానిపైన బంగారు పూత ఉంటుంది, టెస్టెడ్ జరీలో ఉండేది రాగి తీగ, ఇంకా చవకైనది ప్లాస్టిక్ పొర మీద మెటల్ పూత. నీ చీరలోది టెస్టెడ్ జరీ, ఆ మాటే రాయి, బంగారు రంగు టెస్టెడ్ జరీ అని. చదివేవాళ్లు ఏం తక్కువ చేయరు, పైగా ఆ ధరకి అసలు జరీ రాదని చీరలు కొనే ఆడవాళ్లకి బాగా తెలుసు.

ఇప్పుడు నువ్వు అసలు రాయని విషయం ఒకటి ఉంది. గద్వాల్ చీరలో పట్టు పల్లూ కాటన్ బాడీకి కలిసే చోట వెనక్కి తిప్పితే ఒక గీతలా అతుకు కనిపిస్తుంది, అంచు బాడీకి కలిసే చోట కూడా పోగులు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు ఉంటాయి. కుట్టు, కుప్పడం అని మనవాళ్లు అనేది ఇదే. తెలియనివాళ్లకి అది చిరిగితే కుట్టినట్టు అనిపిస్తుంది, డ్యామేజ్ పీస్ పంపారని ఫోటో తీసి పెడతారు. అందుకే ఆ అతుకుని దగ్గరగా, వెనకవైపు నుంచి ఒక ఫోటో తీసి పెట్టి, కింద ఇలా రాయి: "పల్లూ, బాడీ కలిసే చోట వెనక కనిపించే గీత గద్వాల్ నేతలో భాగం, కాటన్ బాడీకి పట్టు పల్లూని మగ్గం మీదే కలిపిన గుర్తు." అది ఫిర్యాదు తగ్గించడమే కాదు, చేతి నేత అని నమ్మించేది కూడా అదే.

కొలతలు టేప్ పెట్టి కొలిచి రాయి, పక్క షాపువాళ్లది చూసి కాపీ కొట్టకు. మొత్తం 6.3 మీటర్లు అని ఒకటే అంకె వేస్తే అందులో బ్లౌజ్ ఉందా లేదా అని అందరూ అడుగుతారు. చీర 5.5 మీటర్లు, బ్లౌజ్ 80 సెంటీమీటర్లు అని విడగొట్టు, పన్నా కూడా వేయి, పొడుగ్గా ఉన్నవాళ్లు ముందు అదే చూస్తారు. బ్లౌజ్ ఏ రంగు, అది కాటనా పట్టా, దానికి అంచు ఉందా అన్నది కూడా రాయి.

ఉతకడం గురించి "రంగు గ్యారంటీ" అని రాసే ముందు తెల్ల గుడ్డ తడిపి మెరూన్ అంచు మీద గట్టిగా రుద్ది చూడు. గుడ్డకి రంగు అంటితే మస్టర్డ్ బాడీ మీదకి దిగుతుంది, అలాంటి చీరకి డ్రై క్లీన్ మాత్రమే అని రాయాలి. అంటకపోయినా మొదటిసారి డ్రై క్లీన్ చేయించమనే రాయి.

జీఐ లోగో, అంటే భౌగోళిక గుర్తింపు ముద్ర, పెడదామని అడిగావు. గద్వాల్ చీరలకి జీఐ ఉంది నిజమే, కానీ దాన్ని వాడుకోవడానికి అధీకృత వినియోగదారుగా రిజిస్టర్ అయి ఉండాలి. నాన్న పేరు మీద ఆ సర్టిఫికెట్ ఉందేమో అడుగు, ఉంటే పెట్టు, లేకపోతే ముందు దానికి అప్లై చేయించు. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ కూడా అంతే, తీసుకున్నవాళ్లే వాడాలి.

ఇంకొకటి, వచ్చే వారం ఆకుపచ్చ చీర పెడతానన్నావు, దానికి ఇదే వివరాలు కాపీ చేస్తావని నాకు తెలుసు. చేయి, కానీ ఆ చీర బాడీ సికో, పడుగు పట్టు, పేక కాటన్, టైటిల్లో కాటన్ బాడీ అన్న మాట ముందు మార్చు, పన్నా మళ్లీ కొలువు, పబ్లిష్ చేయకముందే నాకు ఒకసారి పంపు.

మీ పెద్దనాన్న