బాల్కనీలో కొత్తిమీర: డబ్బు మట్టిపాలు కాకుండా

పరాయి దేశంలో అపార్ట్‌మెంటులో దిగి, బాల్కనీలో చిన్నపాటి పంట ఏదైనా మొదలుపెడదామనుకుంటూ ఏం వెయ్యాలని అడిగారు. మొదటి ఏడాది కొత్తిమీర ఒక్కటే వెయ్యండి. ఇంతేనా అని మీకు అనిపిస్తుందని నాకు తెలుసు, ఎందుకంటే వచ్చిన కొత్తలో నాకూ టమాటాలు, మిరపకాయలు, వంకాయలు తప్ప మరేదీ తోటలా కనిపించలేదు. కాయ కాసే మొక్కలకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల నేరుటెండ కావాలి. పై అంతస్తు బాల్కనీ మనకు కప్పులా అడ్డం ఉంటే, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి చేరేసరికి మన కుండీలు నీడలోకి పోతాయి. నా టమాటా మొక్క వెలుతురు కోసం రెయిలింగు దాటి సాగి, పూసిన పూతనంతా రాల్చేసింది. దానికోసం కొన్న పెద్ద కుండీ, ఊతకర్రలు, ఎరువు సీసా మాత్రం మిగిలాయి. కొత్తిమీరకు నాలుగు గంటల ఎండ చాలు, పైగా ఎండ మరీ ముదిరితే దానికే ఇబ్బంది. కాబట్టి ముందు ఒక సెలవు రోజున గంటకోసారి బాల్కనీలోకి వెళ్లి ఎండ ఎక్కడ పడుతోందో కాగితం మీద రాసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

అద్దె ఒప్పందంలో కుండీల గురించి ఏమైనా ఉందేమో, బాల్కనీ ఎంత బరువుకు అనుమతి ఇస్తుందో, ప్రయాణంలో విత్తనాలు వెంట తెచ్చుకోవచ్చో లేదో, ఆ నిబంధనలు మీరే సరిచూసుకోగలరు. వాటి మీద నేను కాలం గడపను.

నేను చెప్పేది డబ్బు ఎక్కడ కారిపోతుందో. మొదటిది మట్టి. నేలతోటల కోసం అమ్మే చవక మట్టి సంచి చూసి సంబరపడి కొన్నాను. కుండీలో అది కొన్నాళ్లకే గట్టిపడి, పైన పోసిన నీరు అంచుల వెంట జారి కిందికి పోయేది, మధ్యలో వేళ్లు మాత్రం ఎండిపోయేవి. కుండీకి కావలసింది గాలి ఆడే మిశ్రమం. రెండు పాళ్లు నానబెట్టిన కొబ్బరి పొట్టు, ఒక పాలు బాగా మాగిన కంపోస్టు, ఒక పాలు పెర్లైట్ అనే తేలికైన తెల్లని గుళికలు కలిపితే సరిపోతుంది. కొబ్బరి పొట్టు ఇటుకల రూపంలో, ఎండినదే కొనండి. నీళ్లు పోస్తే పొంగి ఎన్నో రెట్లవుతుంది కనుక తడి సంచికి పెట్టే డబ్బు మిగులుతుంది, మెట్ల మీద మోసే బరువూ తగ్గుతుంది. నీరు బాగా ఇంకుతుందని కుండీ అడుగున గులకరాళ్లు పరచమని చాలామంది చెబుతారు. అది పనికిరాని ఖర్చు. సన్నని మిశ్రమంలోని తడి కింద ఉన్న పెద్ద రాళ్ల సందుల్లోకి అంత తేలిగ్గా దిగదు, రాళ్ల పైనే నిలిచిపోతుంది. అంటే బురద పొర వేళ్లకు మరింత దగ్గరవుతుందన్నమాట. అడుగున తగినన్ని రంధ్రాలుంటే చాలు.

రెండోది విత్తనం. అందమైన పొట్లాల్లో కొత్తిమీర విత్తనాలు కొనేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది. వంటింటి డబ్బాలో ఉన్న ధనియాలే విత్తనాలు. అయితే అవి పాతవైనా, నిలవ కోసం వేడి తగిలించినవైనా మొలవకపోవచ్చు. అందుకని పది గింజలను తడి కాగితపు రుమాలులో చుట్టి, మూత ఉన్న డబ్బాలో రెండు వారాలు ఉంచండి. ఆరేడు మొలిస్తే ఆ డబ్బా మంచిదే, రెండు మూడే వస్తే వేరే ధనియాలు చూసుకోండి. ఒక్కో ధనియంలో రెండు విత్తనాలు అతుక్కుని ఉంటాయి. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తితే రెండు బద్దలుగా విడిపోతాయి. పొడి చేయకండి. ఆ బద్దలను రాత్రంతా నీళ్లలో నానబెట్టి నాటితే మొలక త్వరగా వస్తుంది.

ఇక తొట్టి. కొత్తిమీరది నేరుగా కిందికి దిగే తల్లివేరు కనుక లోతు 20 సెంటీమీటర్లకు తగ్గకూడదు. నారు పోసి పీకి నాటడం దానికి పడదు, ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి. 40 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 20 లోతు ఉన్న తొట్టెలు మూడు తీసుకోండి. ఒక్కోదానిలో 16 లీటర్ల మిశ్రమం పడుతుంది. తడిపాక బరువు బాగానే ఉంటుంది కాబట్టి రెయిలింగుకు వేలాడదీయకుండా గోడ పక్కన నేల మీదే పెట్టండి. పొడవు వెంట మూడు వరసలు గీసి, ఒక్కో వరసలో పదిహేను బద్దలు, రెండున్నర సెంటీమీటర్ల ఎడంతో, ఒక సెంటీమీటరు లోతున వేయండి. తొట్టికి లెక్కకు ఇరవై మూడు ధనియాలు, మొలవనివాటిని కూడా కలుపుకుంటే ముప్పై. పొట్లం కొనాలా అని అడిగేవాళ్లకు నేను ఈ లెక్కే చెబుతాను.

మూడు తొట్టెలూ ఒకేరోజు విత్తవద్దు. ఇది నేను డబ్బు పోగొట్టుకోకుండా నేర్చుకున్న ఒకే ఒక్క సంగతి, పంట మాత్రం పోయింది. అన్నీ ఒకేసారి కోతకు వచ్చి, పొరుగువాళ్లకు పంచినా మిగిలి, తరువాత నెలన్నర ఖాళీ తొట్టెలు చూస్తూ కూర్చోవలసి వచ్చింది. మొదటి తొట్టి ఈ వారం విత్తితే రెండోది మూడు వారాల తరువాత, మూడోది మరో మూడు వారాలకు విత్తండి. ఒకటి నుంచి రెండు వారాల్లో మొలక, సుమారు ఆరో వారంలో మొదటి కోత, తొమ్మిదో వారంలో రెండో కోత, ఆపైన కొత్తగా విత్తడం. ఈ వరస నిలదొక్కుకున్నాక ఎప్పుడు చూసినా ఒక తొట్టి మొలకల్లో, ఒకటి ఎదుగుదలలో, ఒకటి కోతలో ఉంటుంది. కోసేటప్పుడు బయటి కాడలను అడుగువరకూ కత్తిరించి, నడిమి లేతాకులను వదలండి. మూడో వంతు కంటే ఎక్కువ ఒకేసారి కోస్తే రెండో కోత బలహీనపడుతుంది.

నీళ్ల విషయంలో గడియారం చూసి పోయకండి. వేలు రెండో కణుపు దాకా దించి, పొడిగా తగిలితేనే అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయండి. రోజూ కాస్త కాస్త చిలకరిస్తే పైపొర ఎప్పుడూ తడిగానే ఉండి, మొలకల కాడలు మట్టి దగ్గర సన్నబడి నల్లగా మారి పక్కకు ఒరిగిపోతాయి. అది కుళ్లు తెగులు. ఒరిగినవి బతకవు, మిగిలినవాటి చుట్టూ పైపొరను ఆరనివ్వాలి. చిన్న నల్లని ఈగలు మిశ్రమం మీద ఎగురుతున్నా తడి ఎక్కువైందనే అర్థం. మొలకలు పాలిపోయి సన్నగా పొడుగ్గా సాగితే అది వెలుతురు లోటు. అడుగు ఆకులు ముందుగా పసుపు రంగుకు మారితే చాలాసార్లు అది నత్రజని లోటు. దానికి పైన ఒక గుప్పెడు కంపోస్టు చల్లితే చాలు, సీసా మందులు కొననక్కర్లేదు.

వేడి మాత్రం ఈ మొక్కకు నిజమైన శత్రువు. పగటి వేడి 27 డిగ్రీలు దాటి నిలిచిన రోజుల్లో, పగళ్లు పొడవైన కాలంలో, అది ఆకు మాని పూతకు దిగుతుంది. వెడల్పాకుల బదులు సోంపు ఆకుల్లాంటి సన్నని ఆకులు రావడం దానికి గుర్తు. ఆ తరువాత ఎంత కత్తిరించినా వెనక్కి తిరగదు కాబట్టి ఆలస్యం చేయకుండా ఉన్న ఆకు కోసేసుకోండి. వేసవిలో తొట్టెలను ఉదయపు ఎండ మాత్రమే తగిలేచోటికి జరపండి, అప్పటికీ నిలవకపోతే ఆ రెండు నెలలూ విత్తడం ఆపండి. చలికాలం పగళ్లు పది గంటలకంటే కుంచించుకుపోయే చోట ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అప్పుడు దీపాలు కొని వెలిగించాలని ఎవరైనా అంటే కరెంటు బిల్లు ఎవరు కడతారో ముందు అడగండి.

పూతకు వచ్చినవాటిలో నాలుగైదు మొక్కలను మాత్రం పీకకుండా వదిలెయ్యండి. పూలు గింజలై, గోధుమరంగుకు తిరిగి, చేత్తో నలిపితే ఊడివచ్చే దాకా ఆగి కోసి, నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలో దాచుకుంటే వచ్చే కారుకు విత్తనం మీదే. తొట్టి ఖాళీ అయ్యాక పాత మిశ్రమాన్ని పారెయ్యకండి, కొత్తగా కొనకండి కూడా. వేళ్లు ఏరేసి, గడ్డలు చిదిపి, నాలుగో వంతు కొత్త కంపోస్టు కలిపితే మరుసటి విత్తనానికి సిద్ధంగా ఉంటుంది. కుళ్లు తెగులు తగిలిన తొట్టి మిశ్రమాన్ని మాత్రం మళ్లీ మొలకలకు వాడవద్దు.