ఐదు వారాలైంది కదా, ఇక అడిగెయ్

బుజ్జీ,

నీ మెసేజ్ చదివాను. ఇద్దరం ఇంకెవర్నీ కలవకుండా ఎక్స్‌క్లూజివ్‌గా ఉందామని ఆ అబ్బాయిని ఎలా అడగాలా అని కదా నీ బాధ. ఐదు వారాలుగా కలుస్తున్నారు, రోజూ పడుకునే ముందు ఫోన్లు, అయినా అతని ప్రొఫైల్ డేటింగ్ యాప్ హింజ్‌లో ఇంకా కనిపిస్తోందని నీ ఫ్రెండ్ చెప్పింది. దాన్ని పట్టుకుని నిలదీయకు. ఫోన్‌లోంచి యాప్ తీసేసినా, అకౌంట్ డిలీట్ చెయ్యకపోతే ప్రొఫైల్ అలాగే ఉంటుంది. చాలామందికి ఆ సంగతి తెలీదు. స్క్రీన్‌షాట్‌తో మొదలుపెడితే అతను సంజాయిషీ ఇచ్చుకుంటాడు తప్ప మనసులో మాట చెప్పడు.

వాట్సాప్‌లో అడగొద్దు. కేబీఆర్ పార్కులో పొద్దున్నే నడుస్తూ అడుగు. పక్కపక్కన నడిచేటప్పుడు ఇలాంటి మాటలు తేలిగ్గా వస్తాయి. ముందు నీ సంగతి చెప్పు: "నేను ఇంకెవర్నీ కలవట్లేదు, కలవాలనీ లేదు. నువ్వేమనుకుంటున్నావ్?" అంతే, ఇక ఆగు. అతను కాసేపు మాట్లాడకపోతే కంగారుపడి "పర్లేదులే, ఊరికే అడిగా" అనకు. అలా అన్నావంటే అడగనట్టే లెక్క.

అతను సరేనన్నాక అసలు సంగతి ఉంది. ఎక్స్‌క్లూజివ్ అంటే యాప్‌లు మూసెయ్యడమేనా, ఇంట్లో చూసే సంబంధాలు కూడా ఆపడమా? మా ఆఫీసులో ఒకమ్మాయికి ఇదే జరిగింది. ఇద్దరూ యాప్‌లు తీసేశారు. నెల తిరక్కుండా ఆ అబ్బాయి గుంటూరులో పెళ్లిచూపులకి వెళ్లొచ్చాడు. అడిగితే, "అమ్మ బాధపడుతుందని వెళ్లా, అది డేటింగ్ కాదుగా" అన్నాడు. అబద్ధం ఆడలేదు పాపం, అతని లెక్కలో అది వేరే ఖాతా. మన ఇళ్లల్లో మ్యాట్రిమొనీ ప్రొఫైల్ నడిపేది అమ్మానాన్నలే కాబట్టి పిల్లలు దాన్ని తమదనుకోరు. అందుకే పేరు పెట్టి అడుగు: "మీ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా? ఎవరైనా వస్తే ఏం చేస్తావ్?" పెళ్లి గురించి మాటివ్వమని అడగట్లేదని కూడా చెప్పు, లేకపోతే బెదిరిపోతాడు.

"కొంచెం టైం కావాలి" అంటే ఇవ్వు, కానీ ఎప్పటిదాకా అని అప్పుడే అడుగు. రెండు వారాలంటే సబబే. "ఇప్పుడు ఈ పేర్లెందుకు, బాగానే ఉన్నాంగా" అంటే మాత్రం అది వద్దనడమే బుజ్జీ, మర్యాదగా అన్నాడంతే. దానికి ఇంకో అర్థం వెతుక్కోకు. ఆ తర్వాత నువ్వు వేరేవాళ్లని కలిసినా తప్పు లేదు.

అన్నట్టు, మీ అమ్మ నీకు పెట్టిన ప్రొఫైల్ ఇంకా నడుస్తూనే ఉంది. మొన్ననే ఏదో కాకినాడ సంబంధం ఫొటో నాకూ పంపింది. అతన్ని అడిగే ముందు నీ వైపు అది ఆపించు. అక్కతో ఎలా చెప్పాలో తోచకపోతే ఆదివారం ఫోన్ చెయ్, నేను మాట్లాడతాను. అబ్బాయి సంగతి ఎత్తను, మూడు నెలలు ఆగమని మాత్రం చెప్తాను.

మీ పిన్ని