స్పోర్లు ఉడికించినా ఎందుకు చావవు? 12డి దగ్గర తడబడేవారికి

ప్రశ్న: సార్, నేను ఫుడ్ టెక్నాలజీ బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నాను. గేట్‌తో పాటు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పరీక్షకూ చదువుతున్నా. మాక్ టెస్టుల్లో స్పోర్ల మీద వచ్చే ప్రశ్నలే ఎక్కువ పోతున్నాయి. పేర్లు, డిగ్రీలు బట్టీ పట్టినా ఆప్షన్లు చూసేసరికి అన్నీ కలగాపులగం అవుతున్నాయి. డి, జెడ్, 12డి ఎక్కడ ఏది వాడాలో తెలియడం లేదు. ఈ చాప్టర్ ఎలా చదవాలి? – ఒక విద్యార్థిని, బాపట్ల

జవాబు: ఇక్కడ మార్కులు పోయేది చాలావరకు ఒకే చోట. ప్రశ్న స్పోర్ గురించా, మొలిచి పెరుగుతున్న కణం గురించా, ఆ కణం వదిలిన టాక్సిన్ గురించా అన్నది తేల్చుకోకుండా ఆప్షన్లలోకి వెళ్లిపోతారు. వేడికి ఈ మూడూ మూడు రకాలుగా స్పందిస్తాయి. ముందు అది తేల్చుకుంటే సగం ఆప్షన్లు వాటంతటవే పోతాయి.

స్పోర్‌తో మొదలుపెడదాం. బాసిల్లస్, క్లోస్ట్రిడియమ్ జాతుల మామూలు కణాలను ఉడుకుతున్న కూర చంపేస్తుంది. స్పోర్ మాత్రం మిగులుతుంది, ఎందుకంటే దాని నడిమి భాగం, అంటే కోర్, దాదాపు ఎండిపోయి ఉంటుంది. మామూలు కణంలో బరువులో సుమారు 80 శాతం నీరే. కోర్‌లో అది 25 నుంచి 50 శాతం మధ్యే. ప్రొటీన్లు వేడికి చెడిపోవాలంటే చుట్టూ నీరు కావాలి. ఆ నీటి చోటును కాల్షియం డైపికోలినేట్ ఆక్రమించి ఉంటుంది. డీఎన్ఏను చిన్న ప్రొటీన్లు చుట్టుకుని కాపాడతాయి. కోర్‌లోకి నీరు మళ్లీ చేరకుండా బిగించి ఉంచేది కార్టెక్స్. పరీక్షలో వల వేసేది ఇక్కడే. 'వేడిని తట్టుకోవడానికి ప్రధాన కారణం' అని అడిగి, ఆప్షన్లలో 'మందమైన స్పోర్ కోట్' పెడతారు. చూడ్డానికి నమ్మకంగా ఉంటుంది గానీ, కోట్ పని ముఖ్యంగా రసాయనాలనూ ఎంజైములనూ ఆపడం. వేడి విషయంలో జవాబు కోర్‌లో నీరు తక్కువగా ఉండటమే.

ఇక వంట. వంట స్పోర్‌ను చంపకపోగా దానికి మేలు కూడా చేస్తుంది. పోటీకి వచ్చే మిగతా బ్యాక్టీరియా చచ్చిపోతుంది, మరిగినప్పుడు ఆక్సిజన్ బయటికి పోతుంది, ఆ వేడి తగిలాక చాలా స్పోర్లు తొందరగా మొలుస్తాయి. పెళ్లికి పెద్ద గిన్నెలో వండిన మటన్ కూరను మూతపెట్టి రాత్రంతా వదిలేశారనుకోండి. మధ్యభాగం గంటల తరబడి 45 డిగ్రీల చుట్టూ ఉంటుంది. క్లోస్ట్రిడియమ్ పెర్‌ఫ్రింజెన్స్‌కు అంతకన్నా ఏం కావాలి? అనుకూలమైన చోట అది పది నిమిషాల లోపే రెట్టింపవుతుంది. పది నిమిషాలనే లెక్కేసినా నాలుగు గంటల్లో 24 రెట్టింపులు, అంటే ఒక్క కణం కోటిన్నర దాటుతుంది. తిన్నాక ఈ కణాలు పేగులో మళ్లీ స్పోర్లుగా మారుతూ అక్కడ టాక్సిన్ విడుదల చేస్తాయి. అందుకే తినేముందు కూరను బాగా మరిగిస్తే ఈ కణాలు చచ్చి ప్రమాదం తప్పుతుంది. బాసిల్లస్ సీరియస్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. గది వేడిలో వదిలేసిన అన్నంలో అది తయారుచేసే సెరియులైడ్, వాంతులు తెప్పించే టాక్సిన్, 121 డిగ్రీల దగ్గర 90 నిమిషాలు ఉంచినా చెడదు. మిగిలిన అన్నాన్ని ఫ్రైడ్ రైస్ చేసి వేడివేడిగా తిన్నా లాభం లేదు.

డబ్బాల సంగతికొస్తే అసలు శత్రువు క్లోస్ట్రిడియమ్ బోట్యులినమ్. పీహెచ్ 4.6 దాటిన ఆహారంలో, గాలి లేని డబ్బాలో దాని స్పోర్ మొలవగలదు. దాని డి-విలువ 121 డిగ్రీల దగ్గర 0.21 నిమిషాలు. అంటే అంత సేపట్లో పదింట తొమ్మిది స్పోర్లు పోయి ఒకటి మిగులుతుంది. జెడ్-విలువ 10 డిగ్రీలు. వేడి 10 డిగ్రీలు తగ్గితే డి పదింతలవుతుంది. సూత్రం ఇంతే:

```
D2 = D1 × 10^((T1 − T2)/z)
t  = D × (log N0 − log N)
```

ఏది ఎప్పుడు వాడాలంటే, ప్రశ్నలో ఉష్ణోగ్రత మారితే మొదటిది, స్పోర్ల సంఖ్య మారితే రెండోది, రెండూ మారితే ముందు మొదటిది, తర్వాత రెండోది. 12డి అంటే రెండో సూత్రంలో లాగ్‌ల తేడా 12 అని అర్థం. డబ్బాకొక స్పోర్ ఉందనుకుంటే లక్ష కోట్ల డబ్బాల్లో ఒక్కదానిలో మిగిలే అవకాశం. 121 దగ్గర 12 × 0.21 = 2.52 నిమిషాలు. పరిశ్రమలో దాన్ని కనీసం 3 నిమిషాలుగా తీసుకుంటారు. అదే పని 100 డిగ్రీల మరుగు నీళ్లలో చేయాలంటే? డి విలువ 0.21 × 10^2.1, అంటే 26.4 నిమిషాలవుతుంది. 12తో గుణిస్తే 317 నిమిషాలు, ఐదు గంటల పైనే. బఠాణీలను అంతసేపు మరిగిస్తే తినడానికి ఏమీ మిగలదు కాబట్టే 15 పీఎస్ఐ పీడనంతో రిటార్ట్ నడుపుతారు. ఈ నిమిషాలు రిటార్ట్ గడియారం చూపించేవి కావు, డబ్బాలో అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోట లెక్కవేసేవి. న్యూమరికల్ ప్రశ్నల్లో దీన్ని మర్చిపోతే లెక్క కరెక్టుగా వేసినా జవాబు తప్పవుతుంది.

ఇంకో లెక్క మీరే వేసి చూడండి. డబ్బాకు 100 స్పోర్లు, డి 1 నిమిషం, లక్ష డబ్బాల్లో ఒకటి మాత్రమే చెడాలి. log 100 రెండు, లక్షలో ఒకటి అంటే మైనస్ ఐదు, తేడా ఏడు. 7 నిమిషాలు. ఎక్కువమంది ఆ మైనస్‌ను వదిలేసి 3 అని రాస్తారు.

వేడి చాలకపోతే ఏమవుతుందో 1971లో న్యూయార్క్ రాష్ట్రంలో తేలింది. బాన్ వివాంట్ అనే కంపెనీ డబ్బా సూప్ తిన్న దంపతులకు బోట్యులిజమ్ వచ్చింది, భర్త చనిపోయాడు. అది విషిస్వాజ్, చల్లగానే వడ్డించే బంగాళదుంప సూప్. బోట్యులినమ్ స్పోర్ మరుగుకు లొంగదు గానీ, దాని టాక్సిన్ 80 డిగ్రీల దగ్గర పది నిమిషాల్లో నిర్వీర్యమవుతుంది. వేడిచేసి తాగే సూప్ అయ్యుంటే బహుశా తప్పేది. 'స్పోర్ తట్టుకుంటుంది కాబట్టి టాక్సిన్ కూడా తట్టుకుంటుంది' అన్న ఆప్షన్ కనిపించినప్పుడు ఈ సూప్ గుర్తొస్తే చాలు. సెరియులైడ్ మాత్రం దీనికి తిరగబడిన కథ.

12డి పూర్తయిన డబ్బాలో ఏ స్పోరూ ఉండదనుకోవడం మరో పొరపాటు. జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ డి-విలువ 121 దగ్గర సుమారు 4 నిమిషాలు. 3 నిమిషాల్లో దానిలో ఒక లాగ్ కూడా తగ్గదు. అందుకే దాన్ని 'కమర్షియల్ స్టెరిలిటీ' అంటారు, మామూలు నిల్వ వేడిలో ఏదీ పెరగకుంటే చాలన్న లెక్క. ఈ బ్యాక్టీరియా 55 డిగ్రీల చుట్టూ జోరుగా పెరుగుతుంది, గ్యాస్ వదలదు, రోగం తేదు, పీహెచ్ మాత్రం పడిపోతుంది. రిటార్ట్ దించిన డబ్బాలను సుమారు 40 డిగ్రీల దాకా త్వరగా చల్లార్చేది దీని కోసమే. ఇంకా చల్లబరచకపోవడానికి కారణం వేరే, ఆ కాస్త వేడికి పైన తడి ఆరి డబ్బా తుప్పు పట్టదు. పరీక్షలో 'డబ్బా ఉబ్బలేదు, పులిసింది, గోదాములో ఎండవేడి' అని చదివితే స్టీరోథర్మోఫిలస్‌ను గుర్తించండి. ఉబ్బి, కుళ్లు వాసన వస్తే క్లోస్ట్రిడియమ్ వైపు వెళ్లండి.