దుప్పట్లో దూరప్రయాణికుడు

తెనాలి

చిట్టితల్లీ,

కాలేజీ నాటకంలో ఒక్క బూతు కూడా లేకుండా, తిట్లన్నీ నువ్వే కొత్తగా కట్టి రాస్తున్నావని నాన్న ఫోన్‌లో చెప్పాడు. నాకు ఎంత సంతోషమేసిందో అంత టెన్షనూ పట్టుకుంది. రాత్రే కాగితం తీశాను.

తిట్టు ఒక్క ఊపిరిలో అయిపోవాలి. చివర దీర్ఘం ఉండాలి, గొంతు సాగడానికి. ‘శుంఠ’, ‘అప్రాచ్యుడు’ లాంటి పాత మాట రంగానికి ఒకటి చాలు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

అసలు కిటుకు సమాసంలో ఉంది. తెలుగు మాటకు సంస్కృతపు మాట అతికిస్తే వైరిసమాసమని బళ్లో తప్పు పెట్టేవారు. నీకు ఆ తప్పే కావాలి. ‘నిద్రాసార్వభౌమా’ అంటే రెండూ సంస్కృతమే, బిరుదు ఇచ్చినట్టుంటుంది. ‘నిద్రమొద్దూ’ అంటే రోజూ ఇంట్లో వినేదే, ఎవరూ తల తిప్పరు. ‘ఆవులింతల సార్వభౌమా’ అని చూడు. ముందు మాట మంచం మీది నుంచి, వెనక మాట రాజసభ నుంచి వచ్చాయి. ఆ ఎత్తు మీది నుంచి పడ్డప్పుడే జనం నవ్వుతారు.

ముందు మాట ఎక్కడ దొరుకుతుందంటావా? ఆ మనిషి చేసిన పనిలోనే. మా నాటక బృందంలో ఒకాయన రిహార్సల్‌కు ఎప్పుడూ ఆలస్యమే. కబురు పెడితే “దారిలో ఉన్నా” అనేవాడు. వెళ్లి చూస్తే ముసుగు కూడా తీసి ఉండేవాడు కాదు. ‘సోమరిపోతు’ అని మొదలుపెట్టాను. అది ఊళ్లో సగం మందికి సరిపోతుంది. ‘ఆలస్య శిఖామణీ’ అన్నాను, అందులో ఆయన చెప్పిన అబద్ధం లేదు. అబద్ధమేమో ప్రయాణం, నిజమేమో దుప్పటి. ఆ రెండూ పక్కపక్కన పెట్టేసరికి ‘దుప్పట్లో దూరప్రయాణికుడా!’ అని వచ్చింది. రెండు ‘దు’లూ కలిసి నోట్లో దానంతటదే దొర్లింది. ఆయనే ముందు నవ్వాడు. మరునాడు పావుగంట ముందే వచ్చాడు.

ఇక నా భయం సంగతి. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు, పరిషత్తు పోటీకి నాటకం తయారుచేస్తున్నాను. నా రిహార్సల్‌లో బూతు మాట్లాడితే రూపాయి జరిమానా. ఆ నియమం చూసుకుని ఎంత గర్వపడేవాణ్నో! ఒకరోజు లైట్లు చూసే కుర్రాడు డిమ్మర్ ఆలస్యంగా తిప్పాడు. చావు సీను కాస్తా పాడైంది. “ఒరే పింజారీ వెధవా!” అని అరిచాను. అందరూ నవ్వారు. బూతు కాదు కదా, నాకు జరిమానా కూడా పడలేదు.

ఆ అబ్బాయి ఏమీ అనలేదు. రిహార్సల్ అయ్యాక వైర్లన్నీ మోచేతికి చుట్టి, ఒక్కొక్కటే పెట్టెలో సర్ది, నా దగ్గరికొచ్చాడు. “మా నాన్న పింజారేనండీ. మీ పెళ్లి పరుపుకు దూది ఏకింది ఆయనే” అన్నాడు. గొంతులో కోపం లేదు. మరునాడు రాలేదు.

వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో దూది ఏకే విల్లు గోడకు ఆనించి ఉంది. ఆ పెద్దాయన కనుబొమల మీద కూడా దూది నూగే. చెయ్యి తుడుచుకుని నాకు మంచినీళ్లిచ్చాడు. ఏం చెప్పాలో తెలియక తాగాను. వాళ్లబ్బాయి మళ్లీ మా బృందంలోకి రాలేదు. నేనా రాత్రి ఇంటికెళ్లి పరుపు మీద పడుకోలేకపోయాను.

రెండో మాటైనా శుభ్రమా అంటే అదీ కాదు. ‘వెధవ’ అన్నది ‘విధవ’ నుంచి వచ్చిందే. మీ నాయనమ్మ ముప్పై రెండేళ్లకే ఒంటరిదైంది. ఆవిడ అన్నం వడ్డిస్తుంటే నేను ఆ మాట రోజుకు పదిసార్లు అనేవాణ్ని. ‘ముండ’, ‘చండాలం’ కూడా ఇలాంటివే. పాతబడ్డాయి కాబట్టి సరదాగా వినిపిస్తాయి, అంతే. అందుకే బూతుల గురించి నాకు నీమీద బెంగ లేదు. బూతు కాదని నువ్వు ధైర్యంగా వాడబోయే పాత మాటల గురించే. ప్రతి మాటకూ సూర్యరాయాంధ్ర నిఘంటువు తీసి చూడు. ఒక కులం, ఒక వృత్తి, ఒక అవిటితనం, మొగుడు పోయిన ఆడమనిషి, వీటిలో ఏది కనబడినా కొట్టేసెయ్. బద్ధకమని వదిలేశావో, నీతో మాట్లాడను!

అంత మాట అనలేనులే. నువ్వు నాలుగేళ్లప్పుడు నన్ను ‘పచ్చడి తాతా’ అని తిట్టి, నేను నవ్వితే ఏడ్చావు. అప్పుడే అనుకున్నాను నీకు చెవి ఉందని.

రాసినంతవరకు పంపు. పెద్ద అక్షరాల్లో పంపు, కళ్లజోడు మార్చాలి. నాకంటే ముందు మీ లైట్ల కుర్రాళ్లకు, కుర్చీలు మోసేవాళ్లకు చదివి వినిపించు. ఎక్కడ ఎవరు నవ్వలేదో పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి పంపు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న