కాన్పు సంచిలో ఏమేం పెట్టుకోవాలి?

"మాది టెక్కలి దగ్గర పల్లె. కాన్పుకి వెళ్లేటప్పుడు సంచిలో ఏమేం సర్దుకోవాలి?"

తల్లికి, బిడ్డకు, తోడు వచ్చేవారికి మూడు సంచులు విడిగా కట్టి తొమ్మిదో నెల రాగానే సిద్ధంగా ఉంచండి. నొప్పులప్పుడు తల్లి లేబర్ రూంలో ఉంటుంది. నర్సు తలుపు దగ్గరకొచ్చి బిడ్డ గుడ్డలు అడిగితే ఇవ్వాల్సింది బయట ఉన్న తోడు మనిషే. అన్నీ ఒకే సంచిలో ఉంటే ఆ టెన్షన్‌లో వెతకలేరు.

తల్లి సంచిలో ముందు గుండీలున్న నైటీలు మూడు, లోదుస్తులు, పెద్ద ప్యాడ్లు, చెప్పులు పెట్టండి. బిడ్డకు ఉతికి ఎండబెట్టిన మెత్తటి నూలు గుడ్డలు ఆరేడు, టోపీ, మేజోళ్లు చాలు. పాత నూలు చీర ముక్కలైనా బాగుంటాయి. పుట్టగానే తడి తుడవడానికి ఒకటి, చుట్టడానికి పొడిది ఇంకొకటి కావాలి. తడిగుడ్డలోనే ఉంచితే బిడ్డ ఒళ్లు చల్లబడిపోతుంది.

తోడు మనిషి సంచే అసలు ముఖ్యం. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, స్కానింగ్, రక్త పరీక్షల కాగితాలు అందులోనే ఉండాలి. టెక్కలి నుంచి అర్ధరాత్రి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పంపారనుకోండి, అక్కడి డాక్టరుకు బ్లడ్ గ్రూపు, బీపీ వివరాలు ఆ కాగితాల్లోనే కనిపిస్తాయి. దుప్పటి, ఛార్జర్, ఫ్లాస్కు కూడా ఇందులోనే.

పాలసీసా, డబ్బా పాలు, తేనె తప్పనిసరని చాలామంది అనుకుంటారు, కానీ అవి సంచిలో అక్కర్లేదు. సిజేరియన్ అయినా ముర్రుపాలు పట్టవచ్చు. డబ్బా పాలు డాక్టరు చెబితేనే. తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదు.