ఆకు రాలితే సమశీతోష్ణమేనా?

సందేహం: చెట్లు చాలావరకు బోడిగా, కింద గడ్డి పసుపు పచ్చగా ఎండిపోయి ఉన్న ఫోటో కింద "సమశీతోష్ణ మండలంలో శీతకాలం" అని వ్యాఖ్య రాశాను. అది ఉష్ణమండలమని ఒకరు, శుష్క ప్రాంతమని ఇంకొకరు దిద్దారు. ఈ మూడింటిలో ఏ మాట వాడాలి?

సమాధానం: మీరు పంపిన ఫోటో ఉష్ణమండలానిదే. దాన్ని శుష్క ప్రాంతమన్నవారి మాటలోనూ తప్పు లేదు. ఉష్ణ, సమశీతోష్ణ అనేవి వేడిమిని బట్టి చేసిన విభజన; శుష్కం అనేది నీటిని బట్టి చేసినది. కాబట్టి శుష్కం ఆ రెండింటికీ పోటీగా నిలిచే మూడో మాట కాదు, ఏ ఒక్కదానితోనైనా కలిసి నడిచే విశేషణం. సహారా దక్షిణ భాగం ఉష్ణమండల ఎడారి, గోబీ సమశీతోష్ణ ఎడారి.

ఆకు రాలడాన్ని చూసి శీతకాలమనుకోవడం ఇలాంటి ఫోటోల విషయంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. చెట్టు ఆకు రాల్చడానికి కారణాలు రెండు. సమశీతోష్ణ మండలంలో పగళ్లు కురచవుతూ చలి ముదురుతుంది. అది అడవి అంతటికీ ఒకేసారి వస్తుంది కనుక ఆకురాల్చే చెట్లన్నీ దాదాపు కలిసే బోడివవుతాయి. మధ్యలో పచ్చగా మిగిలేవి ఎక్కువగా పైన్, స్ప్రూస్ వంటి సూదాకుల చెట్లు. ఉష్ణమండలంలో ఆకు రాల్పించేది నీటి కరువు. వేరు లోతుకు దిగిన చెట్టుకు, కాండంలో నీరు దాచుకున్న చెట్టుకు, రాతినేల మీద నిలిచిన చెట్టుకు ఆ కరువు వేర్వేరు వారాల్లో తగులుతుంది. అందుకే అక్కడి అడవి అతుకుల బొంతలా కనిపిస్తుంది: ఒకటి పూర్తిగా బోడి, పక్కది సగం పచ్చ, వాగు వెంట ఉన్నవి నిండు పచ్చ.

ఇప్పుడు మీ ఫోటోను దగ్గరగా చూడండి. ఎడమ వైపు బోడి చెట్టుకు కొమ్మలు అంతస్తులుగా అడ్డంగా చాచుకొని ఉన్నాయి, వాటి కొసల్లో పెద్ద ఎర్రటి పూలు. అది బూరుగ. ఆకులేని కొమ్మకు పువ్వు ఉన్నంత మాత్రాన ఉష్ణమండలమని తేల్చకూడదు. చెర్రీ, మాగ్నోలియా కూడా సమశీతోష్ణ వసంతంలో ఆకు రాకముందే పూస్తాయి. ఇక్కడ నిర్ణయించేది బూరుగ వెనకనున్న చెట్టు. దాని ఆకులు వెడల్పుగా, ముదురు పచ్చగా ఉన్నాయి, సూదుల్లా లేవు. బోడి చెట్ల కొమ్మల కొసలు కూడా చూడండి: మొద్దుగా, విడివిడిగా ఉన్నాయి. బర్చ్, బీచ్ వంటి చలిదేశపు చెట్లు బోడిగా ఉన్నప్పుడు సన్నని రెమ్మలు లెక్కలేనన్ని కలిసి దూరానికి పొగమంచులా కనిపిస్తాయి. మీ ఫోటోలో అలాంటి మసక లేదు. పైగా మొదళ్ల దగ్గర నల్లటి మసి మరకలు ఉన్నాయి. ఎండిన గడ్డికి నిప్పంటుకుని పోయిన జాడ అది. ఒక్క మసి మరకతో ఏదీ తేలదు కానీ, మిగతా గుర్తులతో కలిసినప్పుడు దానికి బలం వస్తుంది.

శుష్కత ఎంత అన్నది నేల చెబుతుంది. మీ ఫోటోలో గడ్డి ఎండినా నేలను కప్పే ఉంది. అంటే ఏటా వాన కురిసే చోటే, ఎడారి అనకూడదు. ఎడారిలో మొక్కకూ మొక్కకూ మధ్య వట్టి నేల కనిపిస్తుంది, ఉన్న కాస్త నీటి కోసం వేళ్లు దూరం దూరంగా పాకుతాయి కనుక. అక్కడ కూడా మండలం పేరు తొందరపడి తగిలించకండి. స్తంభాల్లాంటి సగ్వారో కాక్టస్‌ల ఫోటోలకు "ఉష్ణమండల ఎడారి" అని రాయడం తరచుగా చూస్తాం. ఆ చెట్టు పెరిగే సోనోరా ఎడారి దాదాపు అంతా కర్కటరేఖకు ఉత్తరానే ఉంది. దాన్ని ఉపఉష్ణమండల ఎడారి అనాలి, లేదా ఉత్త "వేడి ఎడారి" అన్నా సరిపోతుంది.

ఈ గుర్తులన్నీ తనంతట తాను పెరిగిన వృక్షసంపదకే వర్తిస్తాయి. నాటిన చెట్టు సాక్ష్యానికి పనికిరాదు. చలిని తట్టుకునే చైనా విండ్‌మిల్ తాటి ఇంగ్లండ్ దక్షిణ తీరపు తోటల్లో కూడా పెరుగుతుంది. ఆస్ట్రేలియా యూకలిప్టస్ మూడు రకాల ప్రాంతాల్లోనూ వరసలు తీరి ఉంటుంది. ఫోటోలో అవే కనిపిస్తే మండలం జోలికి పోకుండా "యూకలిప్టస్ తోట" అని రాయండి. ఎత్తయిన కొండలూ ఇంతే. కిలిమంజారో భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్నా, దాని పైభాగపు ఫోటోలో ఉష్ణమండలపు అడవి కనిపించదు.

మీ ఫోటోకు "ఎండకాలంలో ఆకు రాల్చిన ఉష్ణమండల అడవి" అని రాయవచ్చు. శాస్త్రీయంగా కావాలంటే పాఠ్యపుస్తకాల్లో వాడే "ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవి" ఉంది. శుష్కం అన్న మాట అందులో ఎడారిని కాక పొడి నెలలు ఎక్కువగా ఉండటాన్ని చెబుతుంది.