విషం ఒకటే, తేడా క్రియలో ఉంది

సందేహం: సైన్సు వ్యాసాలు అనువదిస్తుంటాను. ఇంగ్లీషులో వెనమస్, పాయిజనస్ అని రెండు మాటలున్నాయి. మనం పామైనా, కప్పైనా, చేపైనా 'విషపూరితం' అనే రాసేస్తున్నాం. ఇది తప్పా? వేరే మాటలున్నాయా?

సమాధానం: 'విషం'తో ఇబ్బంది లేదు, 'పూరితం' దగ్గరే పేచీ. పూరితం అంటే నిండినది. నాగుపాము ఒళ్లంతా విషంతో నిండి ఉండదు. కళ్ల వెనక ఉన్న గ్రంథుల్లో విషం తయారై, కోరల గుండా కాటు పడిన చోట లోపలికి దిగుతుంది. అమరకోశం పాముకు చెప్పిన పేర్లలో 'ఆశీవిషం' ఒకటి. ఆశీ అంటే పాము కోర. విషం ఎక్కించే సాధనం ఉండటమే వెనమస్ అనడంలోని అసలు సంగతి. అది ఈ పేరులోనే ఉంది. కాకపోతే ఆ మాట పాముకే స్థిరపడిపోయింది, చేపకు వాడలేం.

పూరితం నప్పేది కప్పకు. కొలంబియా అడవుల్లోని బంగారు రంగు విషకప్ప కరవదు, కుట్టదు. విషం దాని చర్మంలో ఉంటుంది, నోట కరుచుకున్న జంతువుకు చేటు. వేరే మేత పెట్టి పెంచిన కప్పల్లో ఆ విషం ఉండదు, ఎందుకంటే అది తినే పురుగుల నుంచి చేరేదే. కాబట్టి ఆ కప్పకు 'కాటు' అంటగడితే అనువాదం గాడి తప్పినట్టే. (బ్రెజిల్‌లో తల మీది ఎముక ముళ్లతో విషం ఎక్కించే కప్పలు రెండు రకాలున్నాయని 2015లో వెల్లడైంది. వాటికైనా 'పొడిచింది' అనాలి గాని 'కాటేసింది' అనకూడదు.)

చేపల దగ్గర ఈ అజాగ్రత్త ప్రమాదం కూడా. పఫర్ చేప విషం ముఖ్యంగా కాలేయంలో, అండాశయాల్లో ఉంటుంది. ఎంత ఉడికించినా విరగదు. స్టోన్‌ఫిష్ విషం వీపు ముళ్లలో ఉంటుంది, తొక్కితే పాదంలో దిగుతుంది. అది ప్రోటీన్ కనుక వేడికి చెడుతుంది. అందుకే గుచ్చుకున్న కాలిని, చర్మం కాలకుండా, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లమంటారు. రెండింటినీ 'విషపూరిత చేప' అంటే తినకూడదో, తొక్కకూడదో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

నేనైతే కొత్త సమాసాలు కట్టను. 'కాటేసి విషం ఎక్కించే', 'ముల్లు గుచ్చి విషం ఎక్కించే', 'తింటే విషమయ్యే' అని క్రియతో చెబుతాను. నాలుగక్షరాలు పెరిగితే పెరగనివ్వండి.

జపాన్‌లో యమకగాషి అనే పాము ఉంది. దాని కాటులో సొంత విషముంటుంది. పైగా విషమున్న గోదురుకప్పలను మింగి, వాటి విషాన్ని మెడ మీది గ్రంథుల్లో దాచుకుంటుంది. గోదురుకప్పలు లేని దీవిలో పుట్టిన పాముల మెడలో ఆ విషం కనబడలేదు. దీనికి ఇంగ్లీషు వాళ్లు రెండు మాటలూ వాడాలి. మనకు 'అది కరిచినా విషమే, దాన్ని కొరికినా విషమే' అంటే సరిపోతుంది.